అప్‌డేట్: గిజిగాడి కథ రెండు నిమిషాల్లో సరిపోయింది

నేను అడిగింది: "గిజిగాడు కట్టిన గూడు ఆడపక్షికి నచ్చలేదు. ఈ ఒక్క లైన్‌ని రెండు నిమిషాల యానిమేషన్‌కి మూడు అంకాలుగా ఎలా మలచాలి?"

స్కెచ్‌లు వరుసగా పేర్చి యానిమేటిక్ చేసి చూస్తే, మొదటి అంకమే 50 సెకన్లు తినేసింది. గడ్డిపోచలు తేవడం దగ్గర్నుంచి అన్నీ చూపించాను మరి. అవి తీసేశాను. ఇప్పుడు కథ సగం అల్లిన గూటితో మొదలవుతుంది. నిజంగానూ ఆడపక్షి గూడు చూడటానికి వచ్చేది ఆ దశలోనే. 25వ సెకనుకి ఆమె గూటిని ముక్కుతో లాగి చూసి ఎగిరిపోతుంది.

అసలు తిప్పలు రెండో అంకంలో. మూడుసార్లు కట్టడం, మూడుసార్లు కాదనడం అని రాస్తే ఒకే సీన్ మళ్లీ మళ్లీ చూసినట్టుంది. అందుకని ఘటనల మధ్య 'తర్వాత' తీసేసి 'అందుకే' పెట్టి చదివాను. ఆమె కాదంది, అందుకే పూలు అతికించాడు. గూడు బరువెక్కింది, అందుకే గాలికి తెగి బావిలో పడింది. 65 సెకన్లకి ఇంతే చాలింది.

ముగింపులో మొదట ఆమె తనంతట తానే తిరిగొచ్చేది. అందులో అతను చేసిందేమీ లేదు. ఇప్పుడు పూలు వదిలేసి, కొమ్మకు చుట్టే ముడి గట్టిగా వేస్తాడు. ఆమె మళ్లీ లాగుతుంది, అదే షాట్, అదే కోణం. ఈసారి ఊడదు. ఇది 25 సెకన్లు, మిగిలిన 5 టైటిల్స్‌కి.