ఫోటోలు చూసి ఫోను సంగతి తేల్చగలమా?

మధ్యాహ్నపుఎండ
ఐఫోన్ 13 ఒకటి కొనాలనుకుంటున్నాను. "కొత్తది, అసలు వాడలేదు" అంటూ అమ్మే వ్యక్తి మూడు ఫోటోలు పంపారు: పెట్టె, వెలిగిన తెర, వెనుక కెమెరా రింగులు. తెర కింది అంచు పై అంచు కన్నా లావుగా కనిపిస్తోంది. ఇది నకిలీదా, రిపేరు చేసి అమ్ముతున్నదా? ఫోటోలతోనే తేల్చవచ్చా?

రాగిచెంబు
తేల్చవచ్చు, నేను తేల్చేశాను కూడా. తెర మార్చారు. ఈ ఫోనుకు కంపెనీ వేసేది ఓఎల్ఈడీ తెర. దాని కొసను వంచి లోపలికి మడవగలరు కాబట్టి నాలుగు వైపులా నల్ల అంచు సమానంగా ఉంటుంది. బయట చౌకగా దొరికే ఎల్సీడీ తెరకు ఆ వెసులుబాటు ఉండదు, కింద కాస్త చోటు కావాలి, అందుకే అక్కడ అంచు లావెక్కుతుంది. మీ ఫోటోలో ఉన్నది అచ్చంగా అదే. పెట్టె మాత్రం భేషుగ్గా ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా చెక్కుచెదరలేదు. ఫోను అసలుదే, తెర ఒక్కటే మారింది. నా మాట ఇంతే.

గోరింట
కవరు చెక్కుచెదరని పెట్టెలోని ఫోను తెర వెలిగించి ఫోటో ఎలా తీశారో నాకు అర్థం కాలేదు. ఎవరైనా చెప్పండి.

మధ్యాహ్నపుఎండ
అదే అడిగానండి. పెట్టె ఫోటో ముందు తీశారట, తరువాత "పని చేస్తోందో లేదో చూడడానికి" తెరిచారట.

ఇసుకగడియారం
పదేళ్లుగా ఫోన్లు విప్పి బిగించే పనిలో ఉన్నాను. రాగిచెంబు గారు తెర గురించి చెప్పిన సూత్రం సరైనదే, ఈ ఫోటోకు మాత్రం వర్తించదు. పెట్టె గురించి చెప్పినది పూర్తిగా తలకిందులు.

ముందు పెట్టె సంగతి. 2021లో ఐఫోన్ 13 వచ్చినప్పటి నుంచి కంపెనీ పెట్టె మీద పారదర్శకపు ప్లాస్టిక్ చుట్టడం మానేసింది. దాని బదులు లాగి చించే కాగితపు పట్టీలు పెడుతోంది. కాబట్టి 13 పెట్టె మీద బిగుతుగా ప్లాస్టిక్ కనిపిస్తే అది తయారైన చోట చుట్టినది కాదు, తరువాత ఎవరో చుట్టారు. మోసానికే చుట్టారని నేను అనను. దుమ్ము పడకుండా చుట్టే దుకాణాలూ ఉంటాయి. "కవరు ఉంది కాబట్టి తెరవలేదు" అనే వాదన మాత్రం ఈ మోడలుకు పనికిరాదు. అడుగు భాగం ఫోటో అడగండి. కాగితపు పట్టీలు చిరిగాయా, వాటి కింద రెండోసారి అతికించిన జిగురు మెరుపు ఉందా చూడండి.

తెర సంగతి కొలిచి చెప్పాలి, రాత్రికి రాస్తాను.

పాలపిట్ట
రిపేరు చేసిన ఫోను కొంటే తప్పేమిటండీ? నేను కంపెనీయే బాగుచేసి అమ్మినది వాడుతున్నాను, మూడేళ్లయింది, ఏ ఇబ్బందీ లేదు. ఊరికే భయపడుతున్నారు.

గోరింట
తప్పని ఎవరూ అనలేదు. వాడినదాన్ని వాడలేదని అమ్ముతున్నారా అన్నదే ఇక్కడి ప్రశ్న. మీకు అమ్మినవారు దాచకుండా చెప్పే అమ్మారు కదా.

నాలుగోమెట్టు
నా అనుభవం చెబుతాను, పనికొస్తుందేమో. నాది వేరే కంపెనీ ఫోను. వెనుక నాలుగు కెమెరాలు కనిపించేవి, పెట్టె మీదా అలాగే రాసి ఉంది. కొన్నాక చూస్తే రెండు రింగుల్లో ఏమీ లేదు, నల్ల గాజు బిళ్ల అంతే! తరువాత అమ్మిన మనిషి పంపిన పాత ఫోటోను పెద్దది చేసి చూశాను. ఫ్లాష్ వెలుగు అసలు కెమెరా రెండింటిలోనూ నాలుగైదు చుక్కలుగా పడింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. ఉత్తుత్తి వాటిలో ఒకే తెల్ల చుక్క. ఆ ఫోటో కొనక ముందే నా దగ్గర ఉంది, చూసే కన్ను లేకపోయింది.

ఇసుకగడియారం
నాలుగోమెట్టు గారు చెప్పినది మంచి గుర్తు. లెన్సు అంటే ఒకే గాజు కాదు, ఒకదాని వెనుక ఒకటిగా చాలా ఉంటాయి, ప్రతి ముఖమూ కాస్త వెలుగును తిప్పి కొడుతుంది. ఎండ గారి ఫోటోలో రెండు కెమెరాల్లోనూ రంగు చుక్కలు వరుసగా ఉన్నాయి. అవి నిజం కెమెరాలే.

ఇప్పుడు తెర. ఫోటోను కంప్యూటర్లో తెరిచి పిక్సెళ్ల లెక్కన కొలిచాను. నాచ్ పక్కన పై అంచు 42, కింది అంచు 53. చూడగానే ఎల్సీడీ అనిపిస్తుంది. కానీ ఫోను వెడల్పు కూడా కొలవండి. అదే ఫోటోలో పై కొస దగ్గర 960, కింది కొస దగ్గర 1080. ఒకే ఫోను రెండు వెడల్పులు ఎలా అయింది? ఫోటో తీసినవారు కెమెరాను వంచి, కింది కొసకు దగ్గరగా పట్టుకున్నారు. దగ్గరిది పెద్దగా పడింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. వెడల్పు ఎనిమిదో వంతు పెరిగింది కదా, అంచు లావు కూడా అంతే పెరగాలి అనుకుంటారు. కాదు. వంపు ఉన్న దిశలో కొలత రెట్టింపు దెబ్బ తింటుంది, ఒకటి దగ్గర కావడం వల్ల, రెండోది ఆ భాగం కెమెరాకు తక్కువ ఏటవాలుగా కనిపించడం వల్ల. ఎనిమిదో వంతు వెడల్పు తేడా ఉంటే అంచులో సుమారు పావు వంతు తేడా రావాలి. 42కు పావు వంతు కలిపితే 53 దగ్గరికి వస్తుంది. అంటే ఈ తేడా మొత్తం ఫోటో తీసిన తీరు వల్లే వచ్చింది. తెర మీద నేరం మోపడానికి ఈ ఫోటో చాలదు.

ఇంకో ఫోటో తెప్పించుకోండి. ఫోను బల్ల మీద పడుకోబెట్టి, ఓ అడుగున్నర ఎత్తు నుంచి, 2x పెట్టి, లెన్సు సరిగ్గా తెర మధ్యన ఉండేలా తీయమనండి.

రాగిచెంబు
లెక్కలతో కళ్లకు గంతలు కడుతున్నారు. ఎన్నో చూశాను, ఎల్సీడీ ఎల్సీడీలాగే కనిపిస్తుంది.

మధ్యాహ్నపుఎండ
కొత్త ఫోటో వచ్చింది. నేనే కొలిచాను. వెడల్పు పైన 1004, కింద 1006. అంచు పైన 45, కింద 46. చీకటి గదిలో నల్ల బొమ్మ పెట్టి తీసినది కూడా పంపారు, గడియారం అంకెలు తప్ప తెర ఎక్కడా బూడిద రంగుకు తిరగలేదు.

రాగిచెంబు
సరే, ఈ తెర ఎల్సీడీ కాదు. ఒప్పుకుంటున్నాను. ఓఎల్ఈడీలోనూ బయటివి ఉన్నాయి, అది మాత్రం మరచిపోకండి.

ఇసుకగడియారం
నిజమే. ఆ తేడా ఫోటోలో దొరకదు.

నన్ను ఆపింది తెర కాదు, మూడో ఫోటో. కింది కెమెరా రింగు చుట్టూ గాజుకూ లోహానికీ మధ్య సన్నని తెల్ల గీత ఉంది, ఒక పక్క వెంట్రుక మందం, ఎదురు పక్క దానికి రెండింతలు. ఈ మోడలులో రింగు లోపలి లోహపు పలకను పట్టుకుని ఉంటుంది. వెనుక గాజు పగిలితే బయట రిపేరు చేసేవారు రింగులను కదిలించరు, ఆ పని కష్టం. పాత గాజును పెళ్లలుగా ఊడగొట్టి, కన్నాలు కొంచెం పెద్దవిగా ఉన్న కొత్త గాజును రింగుల మీదుగా దించి అతికిస్తారు. మా పనిలో దాన్ని పెద్ద కన్నం గాజు అనే అంటాం. అతికించేటప్పుడు అర మిల్లీమీటరు జరిగినా సందు ఒక పక్కకు ఒరుగుతుంది, అందులో జిగురు చేరి తెల్లగా మెరుస్తుంది. కంపెనీలో బిగించిన గాజుకు ఆ సందు చుట్టూ ఒకేలా ఉంటుంది.

నాలుగోమెట్టు
అది దుమ్ము కావచ్చు కదా? కవరు వేసి వాడే ఫోన్లలో రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది. నాదీ అలాగే ఉంది.

గోరింట
వాడని ఫోనుకు కవరు దుమ్ము ఎక్కడిది?

ఇసుకగడియారం
ఇద్దరి మాటా సబబే. దుమ్ము అయితే పొడి బ్రష్షుతో పోతుంది, జిగురు పోదు. తుడిచాక, దీపాన్ని పక్క నుంచి పెట్టి, ఎదురెదురు వైపుల నుంచి రెండు ఫోటోలు అడగండి. నీడ వల్ల వచ్చిన గీత అయితే దీపంతో పాటు పక్క మారుతుంది.

మధ్యాహ్నపుఎండ
పంపారు. పై రింగు దగ్గర ఏమీ లేదు. కింది రింగు దగ్గర గీత అలాగే ఉంది, రెండు ఫోటోల్లోనూ మందం ఒకే పక్కన. అడిగితే Settings, General, About తెర ఫోటో పంపారు. Model Number మొదటి అక్షరం M. విడిభాగాల చరిత్ర అనే భాగమే కనిపించడం లేదు. "చూశారా, ఏమీ మార్చలేదు" అంటున్నారు.

రాగిచెంబు
అయితే ఇక గొడవేముంది. M అంటే కొత్తగా అమ్మినది, F అంటే కంపెనీ బాగుచేసి అమ్మినది, N అంటే మార్పిడిగా ఇచ్చినది. ఏ భాగమూ మార్చలేదని ఫోనే చెబుతోంది.

ఇసుకగడియారం
అక్షరాల సంగతి సరిగ్గా చెప్పారు. కానీ M అనేది ఫోను పుట్టుక చెబుతుంది, తరువాత ఏ దుకాణంలో విప్పారో చెప్పదు. ఆ చరిత్ర భాగం కూడా ఐఫోన్ 13లో బ్యాటరీ, తెర, కెమెరా ఈ మూడింటినే పట్టుకుంటుంది. వెనుక గాజు అందులో లేదు. గాజు పదిసార్లు మార్చినా అక్కడ ఒక్క ముక్క కనిపించదు. అందుకే రింగు ఫోటోకు అంత విలువ ఇస్తున్నాను, ఈ ఒక్క మార్పుకు సాక్ష్యం అక్కడే మిగులుతుంది. తెర విషయంలోనూ ఆ మాటను పూర్తిగా నమ్మను. పాత తెర మీది చిప్పును కొత్తదానికి మార్చి, తెర మారిందన్న హెచ్చరిక అక్కడ రాకుండా చేసేవారు ఉన్నారు.

మరో సంగతి. ఆ About తెర ఈ ఫోనుదేనా? పెట్టె స్టిక్కరు మీది ఐఎంఈఐతో పోల్చి చూడండి. పోలిక కుదిరినా పెట్టె నిజమైనదని రుజువు కాదు, ఫోను నంబరు చూసి స్టిక్కరు అచ్చు వేయించడం పెద్ద పనేమీ కాదు. కుదరకపోతే మాత్రం మాటలు అక్కడితో ఆపేయండి.

మధ్యాహ్నపుఎండ
పదిహేను అంకెలూ కలిశాయి. అయితే ఇది నకిలీ అనాలా, కాదనాలా?

ఇసుకగడియారం
నకిలీ కాదనే నా అంచనా. కెమెరాలు నిజం, తెర అంచులు సమానం, నంబర్లు కలిశాయి. వెనుక గాజు మాత్రం బయట మార్చారనే అనుకుంటున్నాను. అలా అయితే "అసలు వాడలేదు" అన్న మాట నిలవదు, నీళ్లు లోపలికి వెళ్లకుండా కంపెనీ వేసిన బిగింపు కూడా మునుపటిలా ఉందని నమ్మడానికి లేదు.

నాలుగోమెట్టు
కంపెనీలోనే ఒక గాజు కాస్త వంకరగా అతికి ఉండకూడదా? లక్షల్లో తయారవుతాయి.

ఇసుకగడియారం
ఉండకూడదని ఒట్టేసి చెప్పలేను. నా చేతుల్లోకి వచ్చిన వాటిలో అలాంటిది చూడలేదు, అంతవరకే.

మధ్యాహ్నపుఎండ
గాజు గురించి నేరుగా అడిగాను. "ముందు వాడినవాళ్లు మార్పించారేమో, నాకు తెలియదు" అని జవాబు వచ్చింది.

గోరింట
ముందు వాడినవాళ్లా!