అప్‌డేట్: మీటరు దీపంతో యూనిట్ లెక్క

నా ప్రశ్న: "బిల్లులో kWh అంటే ఏమిటి? మా గీజరు నిజంగా ఎన్ని యూనిట్లు తీసుకుంటోందో ఎలా తెలుస్తుంది?"

మీ సమాధానాల ప్రకారం గాజువాకలోని మా ఇంటి మీటరు దగ్గరే లెక్క సరిచూశాను. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక kWh, అంటే ఒక యూనిట్ కనుక, మా 2000 వాట్ల గీజరుకు అరగంట చాలు. మీటరుపై 3200 imp/kWh అని ముద్రించి ఉంది. అంటే ఎర్రదీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ నమోదవుతుంది. మిగతావన్నీ ఆపి గీజరు ఒక్కటే వేస్తే పది సెకన్లకు సుమారు 18 మెరుపులు రావాలి, అన్నే వచ్చాయి. నీళ్లు కాగి థర్మోస్టాట్ కరెంటును ఆపగానే మెరుపులూ ఆగిపోయాయి కాబట్టి, స్విచ్ వేసి ఉంచిన సమయమంతా లెక్కలోకి రాదు. బిల్లులోని యూనిట్లు ఈ నెల రీడింగు నుంచి గత నెల రీడింగును తీసివేయగా వచ్చినవే. అయితే తెరపై అంకెలు మారుతూ ఉంటాయి గనుక, పక్కన kVAh అనే వేరే కొలత కాక kWh అని కనిపించినప్పుడే రాసుకోవాలి.