లీవ్ నుంచి వచ్చాక మేనేజర్‌కి మెసేజ్, ఇలా పెట్టొచ్చా?

నేను అకౌంట్స్‌లో జీఎస్టీ పని చూస్తాను, చెల్లి పెళ్ళికని 5 నుంచి 14 దాకా లీవ్ పెట్టి ఇవాళే వచ్చాను. నేను లేనప్పుడు 7న కట్టాల్సిన టీడీఎస్ ఆఫీసులో ఒక అక్క కట్టేసింది, 11న అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 ఇంకో తమ్ముడు రాత్రి తొమ్మిది దాకా కూర్చుని ఫైల్ చేశాడు, నిజంగా వాళ్ళకి రుణపడి ఉన్నాను. మా సార్‌కి ఇలా రాశాను:

"సార్, ఇవాళ జాయిన్ అయ్యాను. టీడీఎస్, జీఎస్టీఆర్-1 చలాన్లు, రసీదులు చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. మిగిలింది 20లోపు జీఎస్టీఆర్-3బి వేసి టాక్స్ కట్టడం. ఇద్దరు వెండర్ల బిల్లులు మన క్రెడిట్ చూపించే జీఎస్టీఆర్-2బిలో రాలేదు, వాళ్ళతో ఇవాళే మాట్లాడతాను. ఈ నెల 3బిలో ఆ క్రెడిట్ తీసుకోకుండా, ఆ మేరకు క్యాష్‌లో కట్టాలి, 18 సాయంత్రానికి ఎంతో చెప్తాను. నా పని చూసిన ఇద్దరికీ చాలా థాంక్స్ సార్."

నా డౌట్ ఏంటంటే, జీఎస్టీఆర్-1లో ఒక కస్టమర్ జీఎస్టీ నంబర్ తప్పు పడింది, 3బి వేసేలోపు సవరణల ఫారం జీఎస్టీఆర్-1ఎలో సరిచేయడానికి చూస్తే నంబర్ మాత్రం అక్కడ మారదంట, వచ్చే నెల జీఎస్టీఆర్-1లోనే మార్చాలి. ఇది థాంక్స్ చెప్పే మెసేజ్‌లోనే రాస్తే ఆ తమ్ముడి మీద కంప్లైంట్‌లా ఉంటుందేమో అని భయం, దాచడం కూడా కరెక్ట్ కాదు కదా. ముందు అతనితో మాట్లాడి సార్‌కి విడిగా చెప్పాలా, లేక పెండింగ్‌లోనే ఒక లైన్ రాసేయాలా? మీరైతే ఏం చేస్తారు అండి?