కింద ఫ్లాట్ ఆంటీ సత్సంగానికి రానని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మా కింద ఫ్లాట్ ఆంటీ ప్రతి గురువారం సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో సత్సంగం పెడతారు. రెండు నెలలుగా నన్ను రమ్మంటున్నారు. నాకు ఆసక్తి లేదు. కానీ నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మా బాబును చూసుకునేది ఆమే. ఆమె అంటే నాకు చాలా అభిమానం.

మొదట ఆఫీసు పని ఉందన్నాను. "పోనీ ఏడున్నరకి హారతికైనా రామ్మా" అన్నారు. తలనొప్పి అంటే ప్రసాదం గిన్నెతో పైకే వచ్చి, నుదుట విభూతి పెట్టి వెళ్లారు. పోయిన వారం ధైర్యం చేసి "నాకు అంత నమ్మకం లేదాంటీ" అనేశాను. గుమ్మంలోనే గంటసేపు గురువుగారి మహిమలు చెప్పారు. సాకు చెప్తే దానికో దారి చూపిస్తారు, కారణం చెప్తే వాదన మొదలవుతుంది.

ఈ గురువారం మళ్లీ పిలుస్తారు. ఆమె నొచ్చుకోకుండా, ఇక పిలవకుండా ఉండాలంటే మీరైతే సరిగ్గా ఏ మాట అంటారు?