రిజిస్ట్రేషన్ ఉంది, వన్ బీలో మా పేరు లేదు. అమ్మినాయన కొడుకులు మొత్తం ఎక్కించుకున్నారు

పల్నాడు_రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. 2011లో మా నాన్నగారు మా ఊళ్లోనే ఒకాయన దగ్గర ఎకరం 60 సెంట్లు కొన్నారు. ఆ సర్వే నంబరులో ఆయనకి మొత్తం 4 ఎకరాల 10 సెంట్లు ఉండేది. రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది, ఈసీలో కనిపిస్తోంది, అప్పటి నుంచి మేమే కౌలుకి ఇస్తున్నాం. రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, అదే మ్యుటేషన్, మాత్రం జరగలేదు. ఆయన పోయాక ముగ్గురు కొడుకులు మొత్తం 4.10 వారసత్వం కింద తమ పేర్ల మీద ఎక్కించుకున్నారు. ఇప్పుడు రెవెన్యూ హక్కుల రికార్డు వన్ బీలో 1.37, 1.37, 1.36 అని ఉంది. పెద్ద కొడుకు దాని మీద క్రాప్ లోన్ కూడా తీసుకున్నాడు. నా ప్రశ్నలు రెండు. ఇప్పుడు మా పేరు ఎక్కించుకునే దారేంటి? రికార్డులో వాళ్ల పేర్లున్నంత మాత్రాన మా స్వాధీనం పోయినట్టా?

గోదారి_గట్టు:
ఏం టెన్షన్ పడొద్దు బ్రదర్. 12 ఏళ్లు దాటింది కదా, ఇక ఆ భూమి మీదే. అడ్వర్స్ పొసెషన్ అంటారు. కోర్టుకెళ్లి అదే చెప్పండి, వాళ్లు నోరెత్తలేరు.

మాజీ_డీటీ:
గోదారి గట్టు గారూ, దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. అడ్వర్స్ పొసెషన్ అంటే భూమి వాళ్లదే, నేను వాళ్లకి వ్యతిరేకంగా అనుభవించాను అని ఒప్పుకోవడం. చేతిలో రిజిస్టర్డ్ దస్తావేజు పెట్టుకున్న మనిషి ఆ మాట ఎందుకనాలి?

రైతుబిడ్డ గారూ, నేను 30 ఏళ్లకు పైగా రెవెన్యూలో పనిచేశాను. అసలు సమస్య ఆ మూడు అంకెల్లోనే ఉంది. 1.37, 1.37, 1.36 కూడితే సరిగ్గా 4.10. అంటే ఆ సర్వే నంబరులో ఒక్క సెంటు కూడా మిగల్లేదు. మీరు సచివాలయంలో మామూలు మ్యుటేషన్ దరఖాస్తు పెడితే, విస్తీర్ణం లేదనే కారణంతో తిరగ్గొట్టే అవకాశమే ఎక్కువ. దస్తావేజు తప్పని కాదు, మీకివ్వాల్సిన 1.60 వేరేవాళ్ల ఖాతాల్లో కూర్చుంది. తండ్రి బతికుండగా 1.60 అమ్మేశాడు కాబట్టి కొడుకులకి వారసత్వంగా వచ్చేది 2.50 మాత్రమే. పంచితే 84, 83, 83 సెంట్లు. ఆ ముగ్గురి ఖాతాల్లో కోత పడితేనే మీ ఖాతా పుడుతుంది. అందుకని మీరు వెళ్లాల్సింది ఆ వారసత్వ మ్యుటేషన్ ఉత్తర్వు మీద ఆర్డీవో దగ్గరికి అప్పీలుకి. 1971 పాస్‌బుక్కుల చట్టం కింద గడువు 60 రోజులు. మీకు నోటీసే రాలేదు కాబట్టి ఆలస్యం మాఫీ చెయ్యమని, విషయం ఎప్పుడు తెలిసిందో చెబుతూ విడిగా ఒక పిటిషన్ జతచెయ్యండి. ముందు తహసీల్దార్ ఆఫీసులో ఆ ఉత్తర్వు నకలు, దాని ఫైలు నకలు తీసుకోండి. ఎవరెవరికి నోటీసులిచ్చారో అందులో తెలుస్తుంది.

టెక్సాస్_తెలుగోడు:
మంచి టాపిక్. నాకూ ఇదే ప్రాబ్లమ్. విజయవాడలో మా ఫ్లాట్ ప్రాపర్టీ టాక్స్ ఇంకా బిల్డర్ పేరు మీదే వస్తోంది. అమెరికా నుంచి మ్యుటేషన్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చా? పవర్ ఆఫ్ అటార్నీ కావాలా?

మాజీ_డీటీ:
అది మున్సిపాలిటీలో పన్ను పేరు మార్పు. ఇక్కడ మాట్లాడుతున్నది వ్యవసాయ భూమి.

నెల్లూరు_ఆడపడుచు:
ముగ్గురు కొడుకులు పంచుకున్నారని అందరూ ఎంత మామూలుగా చదివేశారో. ఆయనకి కూతుళ్లు లేరా? ఎవరైనా అడిగారా? మా ఇంట్లోనూ ఇదే. నాన్న పోయాక మా అన్నయ్య ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించాడు. అందులో నా పేరు, చెల్లి పేరు లేవు. మొత్తం తన ఖాతాలో ఎక్కించుకున్నాడు. నాకు తెలిసేసరికి పాస్‌బుక్ కూడా వచ్చేసింది.

కోనసీమ_కొబ్బరి:
మేడమ్, మీ పెళ్లికి కట్నం ఇవ్వలేదా? మా చెల్లెళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చాం, వాళ్లు కూడా వంద రూపాయల స్టాంపు పేపరు మీద హక్కు వదులుకుంటున్నామని సంతకాలు పెట్టారు. నలుగురు పెద్దమనుషులు సాక్షులు. ఇప్పుడు ధరలు పెరిగాక అందరికీ వాటాలు గుర్తొస్తాయి.

నెల్లూరు_ఆడపడుచు:
మా నాన్న నాకేం ఇచ్చారో మీకు తెలుసా? ఆయన మంచం పట్టాక చూసుకున్నది ఎవరో తెలుసా? మాట్లాడేముందు ఆలోచించండి.

నల్లకోటు:
కొబ్బరి గారూ, మీ చెల్లెళ్ల గురించి మీకు చెడ్డ కబురే. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ కావాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్నది కోర్టులో హక్కు వదులుకున్నట్టుగా నిలబడటం కష్టం. కట్నం వాటాకి బదులు అని చట్టంలో ఎక్కడా లేదు. తండ్రి స్వార్జితమైతే, వీలునామా రాయకుండా పోతే, 1956 నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వస్తుంది. పిత్రార్జితానికి 2005 సవరణ ఉంది, దాని మీద 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పు కూడా చదవండి.

ఆడపడుచు గారూ, మీ అన్నయ్య పేరు ఒక్కటే ఎక్కినంత మాత్రాన మీ వాటా పోదు. ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం మిగతావాళ్ల తరఫున కూడా అయినట్టే లెక్క. మిమ్మల్ని బహిరంగంగా కాదని, మీకు తెలిసేలా గెంటేశాడని ఆయనే నిరూపించాలి. కానీ ఆయన అమ్మేలోపు పార్టిషన్ దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్ తెచ్చుకోండి.

కోనసీమ_కొబ్బరి:
మీ లాయర్లకి ఇంట్లో గొడవలుంటేనే కదా భోజనం.

నల్లకోటు:
మీ చెల్లెళ్ల చేత రిజిస్టర్ చేయించుకోమని ఉచితంగా చెప్పాను. ఇంకేం కావాలి?

ఓరుగల్లు_బిడ్డ:
మీకు కనీసం అనుభవదారు కాలమ్ ఉంది. మా తెలంగాణల 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు ఆ కాలమే తీసేసిండ్రు. సాగు చేసేటోడు ఒకడు, పేరు ఇంకొకడిది ఉంటే చెప్పుకునే జాగనే లేకుండె. ఆ చట్టంల ఆర్డీవో దగ్గర అప్పీలు కూడా లేదు, తప్పు పడితే సివిల్ కోర్టుకే పోవాలె. 2025ల భూభారతి వచ్చినంక అప్పీలు దారి తెరిచిండ్రు, విరాసతుకు నోటీసులు కూడా ఇస్తున్నరు. మా బాపు భూమి ధరణిల ఎక్కలేదు, పాత పహాణీలు పట్టుకొని ఇప్పుడు దరఖాస్తు పెట్టినం. చూడాలె.

గోదారి_గట్టు:
సరే నా 12 ఏళ్ల మాట వదిలేయండి. కానీ మ్యుటేషన్ అసలు టైటిలే కాదని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పలేదు? అది పన్ను వసూలుకి మాత్రమే. మరి అది లేకపోతే కొంపలు మునిగినట్టు ఎందుకు మాట్లాడుతున్నారు?

నల్లకోటు:
మీరన్నది సగం నిజం. మ్యుటేషన్ హక్కు పుట్టించదు, పోగొట్టదు. 1996 సావర్ణి కేసులో, 2021 జితేంద్ర సింగ్ కేసులో ఆ మాటే ఉంది. అందుకే ఆ ముగ్గురి వన్ బీ రైతుబిడ్డ గారి దస్తావేజుని కొట్టేయలేదు. వాళ్లు రేపు ఎవరికైనా అమ్మినా, ముందు రిజిస్టరైన 2011 దస్తావేజుదే పైచేయి. కానీ మా దగ్గర ఆ 1971 పాస్‌బుక్కుల చట్టంలోనే సెక్షన్ 6 ఉంది. తప్పని రుజువయ్యేదాకా రికార్డులో ఉన్నదే నిజమనుకోవాలి. అంటే రుజువు భారం మీ నెత్తి మీద పడుతుంది. ఇంజంక్షన్ కోసం వెళితే జడ్జి మొదట అడిగేది దావా నాటికి స్వాధీనం ఎవరిదని. అవతలివాళ్లు సాగు రికార్డు, అదే అడంగల్, చూపిస్తారు. మీరు ఏం చూపిస్తారు?

పల్నాడు_రైతుబిడ్డ:
కౌలు రైతు ఉన్నాడు కదా, ఆయన చెప్తాడు. ఆయనే పంట వేస్తున్నాడు.

మాజీ_డీటీ:
ఆ కౌలు రైతుకి సీసీఆర్‌సీ, అంటే సాగుదారు హక్కుల కార్డు ఉందా? ఉంటే దాని మీద భూయజమానిగా ఎవరు సంతకం పెట్టారు? ఇది చాలామంది చూసుకోరు. ఆ కార్డుకి యజమాని ఒప్పుకోలు కావాలి, యజమానంటే ఆఫీసులో వన్ బీ చూసి వన్ బీలో ఉన్నవాళ్లనే పిలుస్తారు. ఆ ముగ్గురిలో ఎవరైనా సంతకం పెట్టి ఉంటే, మీ కౌలుదారు కాగితం మీద వాళ్ల కౌలుదారు అయిపోయాడు. ఈ-పంట నమోదు కూడా ఆ ఖాతా మీదే వెళ్లి ఉంటుంది. మీరు దగ్గరుండి పంట వేయిస్తున్నా, కాగితాల్లో స్వాధీనం అటు జరిగిపోతుంది.

పల్నాడు_రైతుబిడ్డ:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. కార్డు ఉందట. పెద్ద కొడుకు చేతే సంతకం పెట్టించుకున్నాడట, లోను కోసం. వాడు మమ్మల్ని అడగలేదు. నాన్నగారికి బీపీ పెరిగింది.

గోదారి_గట్టు:
వెంటనే కౌలుదారుని మార్చండి.

మాజీ_డీటీ:
మార్చకండి! ఇప్పుడు అతన్ని వెళ్లగొడితే నేరుగా వాళ్ల వైపు వెళ్లి సాక్ష్యం చెప్తాడు. కార్డు గడువు 11 నెలలే. ఈసారి కౌలు ఒప్పందం మీ నాన్నగారి పేరుతో రాయించుకోండి, పాత కౌలు డబ్బు బ్యాంకులో పడిన ఎంట్రీలు ఉంటే తీసి పెట్టండి. వారసత్వ మ్యుటేషన్‌కి ముందు సంవత్సరాల అడంగల్ సర్టిఫైడ్ కాపీలు తీయండి. కొన్ని సంవత్సరాల్లో పట్టాదారుగా పాత మనిషి, అనుభవదారుగా మీ నాన్నగారు ఉండి ఉండొచ్చు. అప్పట్లో వీఆర్వోలు చేలోకి వెళ్లి ఎవరు సాగు చేస్తున్నారో చూసి రాసేవాళ్లు, అందరూ కాదనుకోండి. ఆ ఒక్క లైను దొరికితే మీ కేసు బరువు మారిపోతుంది. బోరు మోటారుకి కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉంది?

పల్నాడు_రైతుబిడ్డ:
సర్వీసు నాన్నగారి పేరే. 2013 నుంచి. బిల్లులు ఉన్నాయి.

నల్లకోటు:
చాలా మంచిది. ఇంకో సంగతి. దస్తావేజులో హద్దులు రాశారా, లేక 4.10లో 1.60 అని ఊరికే రాసి వదిలేశారా? హద్దులు లేకపోతే ఎక్కడి 1.60 అన్న గొడవ వస్తుంది, అప్పుడు సబ్ డివిజన్, సర్వే అన్నీ కావాలి. వాళ్లు మీ హక్కునే కాదంటే, ఒట్టి ఇంజంక్షన్ చాలదు, హక్కు మీదేనని ప్రకటించే డిక్లరేషన్ కూడా అడగాలి. 2008 అనాతుల సుధాకర్ తీర్పులో ఇదే తేల్చారు. ఆర్డీవో అప్పీలు, సివిల్ దావా రెండూ ఒకేసారి నడిపించొచ్చు. కానీ సివిల్ కోర్టు డిక్రీ వస్తే రెవెన్యూ వాళ్లు దాని ప్రకారం రికార్డు మార్చాల్సిందే.

మాజీ_డీటీ:
నేనైతే ముందు ఆర్డీవోనే అంటాను. కోర్టంటే ఏళ్లు.

నల్లకోటు:
ఆర్డీవో ఆఫీసులో టైటిల్ వివాదం ఉంది, కోర్టుకెళ్లండి అని ఒక్క వాక్యంతో పంపించిన కేసులు నా దగ్గర బోలెడు. అప్పుడు ఆ కాలమంతా దండగే కదా?

మాజీ_డీటీ:
రిజిస్టర్డ్ దస్తావేజు, ఈసీ, అమ్మినవాడి సంతకం ఉన్నచోట టైటిల్ వివాదం ఏముంది? అలా పంపించే వాళ్లు ఫైలు చదవని వాళ్లు. నేనైతే ముగ్గుర్నీ పిలిచి, మీ నాన్న సంతకం మీ నాన్నది కాదా అని ఒక్కటే అడిగేవాణ్ని.

టెక్సాస్_తెలుగోడు:
నా ఫ్లాట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

నెల్లూరు_ఆడపడుచు:
రైతుబిడ్డ గారూ, ఆ ముగ్గురికి అక్కచెల్లెళ్లు ఉన్నారా? ఉంటే వాళ్లతో మాట్లాడండి. వాళ్ల పేర్లు కూడా తీసేసి ఉంటే, ఆ వారసత్వ ఉత్తర్వు తప్పని చెప్పేది మీరొక్కరే కాదు.

పల్నాడు_రైతుబిడ్డ:
ఒక చెల్లెలు ఉంది, గుంటూరులో. ఇది నాకు తట్టలేదు. దస్తావేజులో హద్దులు ఉన్నాయి, తూర్పున డొంక, దక్షిణాన కాలువ. బ్యాంకు వాళ్లకి కూడా లెటర్ ఇవ్వాలా? లోను 4.10 మీద ఇచ్చారా, ఆయన 1.37 మీదేనా అన్నది ఇంకా తెలియలేదు.

కోనసీమ_కొబ్బరి:
ఆ చెల్లెల్ని లాగితే ఆమె మీ 1.60లో కూడా వాటా అడుగుతుంది చూడండి.

నల్లకోటు:
తండ్రి స్వార్జితమైతే అడగలేదు, ఆయన బతికుండగా అమ్మేశాడు. పిత్రార్జితమైతే వేరే కథ, అమ్మకం ఎప్పుడు, దేని కోసం జరిగిందన్నది చూడాలి. ఆయనకి ఆ 4.10 ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లు చూసి చెప్పండి రైతుబిడ్డ గారూ. బ్యాంకుకి మాత్రం దస్తావేజు నకలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి, రసీదు దాచుకోండి.