అమ్మ ఫోను నుంచి పాప పంపే సందేశాలకు ఎలా జవాబివ్వాలి?

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. కొలతలు, జాకెట్ల నమూనాలు వాట్సాప్‌లోనే వస్తాయి. మా దగ్గర కుట్టించుకునే ఒకావిడ నంబరు నుంచి సాయంత్రం పూట ఉత్త hi, ఆ వెంటనే gghhjj, వరుసగా బొమ్మలు వస్తున్నాయి. వాళ్ల ఆరేళ్ల పాపేనని తెలుస్తూనే ఉంది.

"హాయ్ బంగారం! ఫోను అమ్మకు ఇవ్వమ్మా" అని ఒక్కసారి రాసి ఆపేస్తాను. చదవలేదేమోనని అదే మాట గొంతుతో కూడా పంపుతాను. బడి ఏది, ఇంట్లో ఎవరున్నారు అని అడగను, ఫొటో అడగను, వీడియో కాల్ ఎత్తను. తల్లి చూడాలి కాబట్టి ఆ సందేశాలను చెరిపేయను.

ముద్దుగా మాట కలిపితే, తెలియని నంబర్లకూ ఇలాగే hi పెట్టడం అలవాటవుతుందేమోనని భయం. అసలు పలకకపోతే, నిజంగా సాయం కావలసిన రోజున కూడా పట్టించుకోనట్టవుతుంది. అందుకని అదే నంబరుకు మామూలు కాల్ చేసి తల్లిని పిలవమనడం మేలా? పాపకు తిట్లు పడకుండా ఆవిడకు ఎలా చెప్పాలి? వాట్సాప్‌కు తాళం పెట్టుకోమని చెబితే నొచ్చుకుంటారా? చిన్నపిల్లలున్నవారు, టీచర్లు దయచేసి చెప్పండి.