నిలబడే రోబోకి కాల్మన్ ఫిల్టర్ తప్పనిసరా? (సోమవారం వైవా, సాయం చేయండి)

నల్లగొండ డిప్లొమా: ఫైనలియర్ ప్రాజెక్టుకి రెండు చక్రాల మీద నిలబడే రోబో చేస్తున్నా. ఊనో బోర్డు, ఎంపీయూ-6050 సెన్సర్, ఎల్298 డ్రైవర్, పసుపు బీఓ మోటార్లు. మూడు నాలుగు సెకన్లు నిలబడుతుంది, తర్వాత ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఊపు పెరిగిపోయి పడిపోతుంది. కాంప్లిమెంటరీ ఫిల్టర్‌లో 0.98 పెట్టాను. కాల్మన్ పెడితే నిలబడుతుందా?

పాలమూరు లెక్చరర్: నిలబడుతుంది. కాల్మన్ లేకుండా ఈ ప్రాజెక్టు మొదలుపెట్టడమే తప్పు బాబూ. యాక్సిలరోమీటర్ ఒరిగిన కోణం ఒక్కటే చూపించదు, బండి కదలికను కూడా కలిపి చూపిస్తుంది. నీ రోబో ఒక్కసారి 0.2 జీ త్వరణంతో ముందుకు ఉరికిందనుకో, నిటారుగా ఉన్నా సరే సెన్సర్ 11 డిగ్రీలు ఒరిగానని చెబుతుంది. ఇక వంగే వేగాన్ని కొలిచే జైరో అయితే, దాని లెక్క మెల్లగా పక్కకు జారుతుంది. ఈ రెండింటిలో దేన్ని ఎంత నమ్మాలో ప్రతి అడుగులోనూ లెక్కవేసేది కాల్మన్. ఆ 0.98 ఎక్కడిది? ఎవరో పెట్టారు, నువ్వు దించావు. పద్నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నా, ఏటా పిల్లలు ఇదే 0.98 తెచ్చి నా ముందు పెడతారు.

గద్వాల కుర్రోడు: అన్నా ఈ నిలబడే బండి ఎంతకొస్తది? మా నాయన ఎలక్ట్రిక్ స్కూటర్ స్టాండు వేయడం మర్చిపోయి రెండుసార్లు పడేసిండు.

కొత్తకోట ఫర్మ్‌వేర్: గద్వాల తమ్ముడూ, ఇది స్కూటర్ కాదు, జానెడు బొమ్మ.

నల్లగొండ తమ్ముడూ, కాల్మన్ సంగతి తర్వాత. నీ లూప్ ఒక చుట్టు తిరగడానికి ఎన్ని మిల్లీ సెకన్లు పడుతోంది? అది తెలియకుండా 0.98 మంచిదా చెడ్డదా ఎవరూ చెప్పలేరు. కోణం లెక్కవేసే ఆ ఒక్క లైను, `Serial` లైన్లు ఇక్కడ పెట్టు.

పాలమూరు లెక్చరర్: అంటే 0.98 గుడ్డి అంకె అని మీరూ ఒప్పుకుంటున్నారు. నేను చెప్పిందీ అదే.

కొత్తకోట ఫర్మ్‌వేర్: సార్, నేను అడిగింది లూప్ టైము.

మిర్యాలగూడ వైండింగ్: ఆ పసుపు మోటార్లతో ఎంత లెక్కవేసినా దండగే. చక్రం పట్టుకుని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడు, పళ్ళ మధ్య ఎంత వదులుందో తెలుస్తది. మా తమ్ముడి కొడుకు ఇట్లనే నెల రోజులు కోడ్ మార్చిండు. చివరికి కోఠికి పోయి మెటల్ గేర్ మోటార్లు తెచ్చుకున్నాక నిలబడ్డది.

నల్లగొండ డిప్లొమా: అక్కా, ఇదిగో. కోడ్ సీనియర్ దగ్గర తీసుకున్నా.

```cpp
Serial.begin(9600);
// loop లో:
angle = 0.98*(angle + gyro*0.01) + 0.02*acc;
out = Kp*err + Ki*sum + Kd*(err - prevErr);
Serial.print("angle deg = "); Serial.println(angle);
```

కొత్తకోట ఫర్మ్‌వేర్: దొరికింది. ఆ `0.01` చూడు. లూప్ 10 మిల్లీ సెకన్లకోసారి తిరుగుతుందని మీ సీనియర్ నమ్మకం. నిజంగా ఎంత పడుతుందో లెక్కవేద్దాం. 9600 స్పీడులో ఒక్క అక్షరం పోవడానికి కాస్త ఎక్కువగా 1 మిల్లీ సెకను పడుతుంది. నువ్వు చుట్టుకి దాదాపు 20 అక్షరాలు పంపిస్తున్నావు. మొదట కాసేపు బఫర్ మింగేస్తుంది. అది నిండాక ప్రతి చుట్టూ అక్షరాలు బయటికి పోయేదాకా ఆగాల్సిందే. అంటే నీ లూప్ 21 మిల్లీ సెకన్ల దగ్గర తిరుగుతోంది, జైరోని మాత్రం 10 మిల్లీ సెకన్లతో గుణిస్తున్నావు. రోబో చకచకా 5 డిగ్రీలు ఒరిగితే నీ కోడ్‌కి కనిపించేది రెండున్నర లోపే. మిగతాది యాక్సిలరోమీటర్ మెల్లగా, సెకను లెక్కన నింపుతుంది. అప్పటికి రోబో నేల మీద ఉంటుంది.

నా మాట నమ్మకు, పరీక్ష చెయ్యి. మోటార్ల వైరు పీకేసి, రోబోని నిటారుగా పట్టుకుని, ఠక్కున 30 డిగ్రీలు వంచి అక్కడే ఆపు. అంకె ఒక్కసారిగా 30కి రావాలి. సగంలో ఆగి తర్వాత పాకుతూ పైకి వస్తే లెక్కలో టైము తప్పు.

నల్లగొండ డిప్లొమా: 16 దగ్గర ఆగింది. అక్కడి నుంచి 30కి చేరడానికి రెండు మూడు సెకన్లు!

పాలమూరు లెక్చరర్: ఇదొక పొరపాటు, సరే. కాని కాల్మన్ ఉంటే ఇది కూడా సర్దుకునేది.

కొత్తకోట ఫర్మ్‌వేర్: సర్దుకోదు సార్. కాల్మన్‌లోనూ మొదటి అడుగు జైరోని `dt`తో గుణించడమే. అక్కడా 0.01 రాస్తే అక్కడా సగమే వస్తుంది. గడియారం తప్పుంటే దాని మీద వేసిన లెక్క ఎంత గొప్పదైనా తప్పే చెబుతుంది. అదీగాక మీరన్న 11 డిగ్రీల అబద్ధాన్ని కాల్మన్ కూడా అదే యాక్సిలరోమీటర్‌తోనే వింటుంది.

నల్లగొండ డిప్లొమా: అక్కా, ప్రింట్లు తీసేశా. ఇప్పుడు ఒక్క సెకను కూడా నిలబడట్లేదు. ముందే నయం ఉండె.

పాలమూరు లెక్చరర్: చూశారా.

మిర్యాలగూడ వైండింగ్: మోటార్లు మార్చమంటే వినరు.

కొత్తకోట ఫర్మ్‌వేర్: ప్రింట్లు తీయమని నేనెక్కడ చెప్పాను? టైము తప్పు అన్నాను. ప్రింట్లు పోయాక లూప్ 4 మిల్లీ సెకన్లకో 5కో వచ్చుంటుంది, `0.01` అలాగే ఉంది. ఇంతకుముందు కోణం సగం కనిపించేది, ఇప్పుడు రెండింతలు పైన కనిపిస్తుంది. ఆ వంచే పరీక్ష మళ్ళీ చేస్తే 55 దాటి వెనక్కి 30కి దిగుతుంది చూడు. స్పీడు 115200 పెట్టి, పాతిక చుట్లకోసారి మాత్రం ప్రింట్ చెయ్యి.

రెండోది `Kd`. నువ్వు పాత తప్పుకీ కొత్త తప్పుకీ మధ్య తేడాని టైముతో భాగించలేదు. లూప్ ఐదింతలు వేగం పెరిగితే ఆ తేడా ఐదో వంతుకి పడిపోతుంది, అంటే ఊపుని ఆపే బ్రేకు కూడా ఐదో వంతే. `sum` మాత్రం ఐదింతల వేగంతో పోగవుతుంది. ఒకేసారి మూడూ చెడ్డాయి, పడిపోక ఏం చేస్తుంది?

```cpp
static unsigned long last = micros();
unsigned long now = micros();
if (now - last < 5000) return;
float dt = (now - last) * 1e-6;
last = now;
angle = 0.995*(angle + gyro*dt) + 0.005*acc;
sum  += err*dt;
out   = Kp*err + Ki*sum - Kd*gyro;
```

`err` అంటే కావలసిన కోణం నుంచి ఉన్న కోణం తీసేసినది అనుకుని రాశాను, నీది తలకిందులైతే గుర్తు మార్చుకో. బ్రేకుకి జైరో అంకెనే నేరుగా వాడు. వంగే వేగాన్ని సెన్సర్ కొలిచి చేతికిస్తుంటే కోణాల తేడా తీసి మళ్ళీ వెతుక్కోవడం ఎందుకు? 0.98 బదులు 0.995 ఎందుకంటే, 5 మిల్లీ సెకన్లకి 0.98 పెడితే ఫిల్టర్ పావు సెకనులోనే యాక్సిలరోమీటర్ మాట వినేస్తుంది. 0.995 పెడితే దాదాపు సెకను ఆగుతుంది. సార్ చెప్పిన ఉరుకుల అబద్ధాలు అంతసేపు ఉండవు, కాబట్టి అవి కోణంలోకి పెద్దగా దిగవు. పాత `Kp`, `Ki`, `Kd` అంకెలన్నీ పారేసి మొదలుపెట్టు. `Ki`, `Kd` సున్నా చేసి, రోబో నిలబడి ఊగేదాకా `Kp` పెంచు, ఊపు ఆగేదాకా `Kd` పెంచు. `Ki` చివర్న, కొంచెమే.

పాలమూరు లెక్చరర్: మేడమ్, మీరు ఒక్కటి దాటేశారు. జైరో సున్నా నిలకడగా ఉండదు. అది సెకనుకి 1 డిగ్రీ తప్పు చూపిస్తే, మీ సెకను ఫిల్టర్‌లో కోణం ఎప్పటికీ 1 డిగ్రీ తప్పుగానే ఉంటుంది. రోబో ఆ పక్కకే నడుస్తూ పోతుంది. వేడెక్కితే ఆ సున్నా మళ్ళీ మారుతుంది. మే నెలలో మన పాలమూరు ల్యాబుల్లో ఏసీలు లేవు. కాల్మన్ ఆ తప్పుని కూడా నడుస్తుండగానే కనుక్కుంటుంది. మీ కాంప్లిమెంటరీకి ఆ తెలివి లేదు.

కొత్తకోట ఫర్మ్‌వేర్: ఒప్పుకుంటాను, అది నిజం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడవాల్సిన యంత్రమైతే నేనూ అదే పెడతా. కాని వైవాలో ఇది నిలబడాల్సింది రెండు నిమిషాలు. స్విచ్ వేయగానే రోబోని కదలకుండా పెట్టి, 500 రీడింగుల సగటు తీసి జైరోలోంచి తీసేస్తే చాలు.

పాలమూరు లెక్చరర్: "చాలు". ఈ మాట వల్లే మన పిల్లలు క్యాంపస్ ఇంటర్వ్యూలో నోరు తెరవలేరు. నిలబడితే చాలు, పాసైతే చాలు.

కొత్తకోట ఫర్మ్‌వేర్: సార్, నా ఫైనలియర్ ప్రాజెక్టు ఇదే. నిలబడింది, తోస్తే సర్దుకుంది కూడా. వచ్చిన ఎగ్జామినర్ దాన్ని చూడలేదు. "కాల్మన్ లేదా? రెండు లైన్ల ఫిల్టరా?" అని మార్కులు కోశాడు. పక్క బ్యాచ్ వాళ్ళ రోబో టేబుల్ మీద పడుకునే ఉంది, రిపోర్టులో ఎనిమిది పేజీల మాత్రికలు. వాళ్ళకి ఎక్కువ. ఇన్నేళ్లయినా మంట తగ్గలేదు.

పాలమూరు లెక్చరర్: ఆ ఎగ్జామినర్‌ని నేను సమర్థించను. కాని నా కుర్చీలో కూర్చుని చూడండి. ముప్పై ప్రాజెక్టుల్లో ఇరవై కొనుక్కొచ్చినవే. నిలబడ్డ రోబోని చూసి ఎవరు చేశారో నాకెలా తెలుస్తుంది? కాల్మన్ అడిగితే కనీసం చదివినవాడెవడో తెలుస్తుంది.

కొత్తకోట ఫర్మ్‌వేర్: మాత్రికలూ కొనుక్కోవచ్చు సార్. `dt` ఎంత, ఎలా కొలిచావు అని అడగండి. కొనుక్కొచ్చినవాడు అక్కడే దొరుకుతాడు.

పాలమూరు లెక్చరర్: అది మంచి ప్రశ్నే. అయినా కాల్మన్ రాని పిల్లాడికి నేను ఫుల్ మార్కులు వేయను.

నల్లగొండ డిప్లొమా: సార్, అక్కా, మీరు పోట్లాడుకుంటుండగా కోడ్ మార్చాను. వంచితే ఠక్కున 30 వస్తోంది. రోబో 40 సెకన్లు నిలబడ్డది! కాని సన్నగా వణుకుతోంది, తలుపు వైపే మెల్లగా జారిపోతోంది.

మిర్యాలగూడ వైండింగ్: వణుకు నేను చెప్పిందే తమ్మీ. చక్రం లేపి పట్టుకో, పీడబ్ల్యూఎం సున్నా నుంచి ఒక్కొక్కటి పెంచు. ఏ అంకె దగ్గర ఏ చక్రం కదుల్తదో రాసుకో. ఆ ఎల్298 తనే రెండు వోల్టుల దాకా తింటది, నీ రెండు సెల్లుల్లో మోటారుకి మిగిలేది ఎంత?

నల్లగొండ డిప్లొమా: ఎడమది 58, కుడిది 71 దగ్గర కదిలాయి అన్నా. చక్రంలో వదులు కూడా ఉంది, అంచు దగ్గర నాలుగైదు మిల్లీమీటర్లు.

కొత్తకోట ఫర్మ్‌వేర్: మోటారు అన్నది నిజమే, నేను దాన్ని పట్టించుకోలేదు. `out` సున్నా కానప్పుడు ఎడమకి 58, కుడికి 71 కలిపి పంపు, వణుకు కొంత తగ్గుతుంది. పళ్ళ వదులు కోడ్‌తో పోదు. జారడం వేరే సంగతి. నీ కోడ్‌కి కోణం తెలుసు గాని చక్రం ఎంత దూరం పోయిందో తెలియదు, ఎన్‌కోడర్ లేదుగా. నిలబడే కోణాన్ని అర డిగ్రీ, పావు డిగ్రీ జరిపి చూడు. నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు.

పాలమూరు లెక్చరర్: ఆ జారుడులో జైరో సున్నా వాటా ఎంతో కూడా చూడు. పది నిమిషాలు ఆన్‌లో ఉంచి, రీసెట్ చేయకుండా మళ్ళీ నిలబెట్టు. జారే వేగం మారిందంటే నా మాట గుర్తు చేసుకో.

నల్లగొండ డిప్లొమా: పది నిమిషాలు ఉంచా సార్. జారే వేగం పెరిగింది. మరి రిపోర్టులో ఏ ఫిల్టర్ పేరు రాయమంటారు?

గద్వాల కుర్రోడు: ఆ 58, 71 మాత్రం రాయకు, మోటార్లు పాతవని తెలిసిపోతది 😄